కరెంటు ఏ వేళ పోయింది? చిన్న కోల్డ్ రూమ్‌కు బ్యాకప్ లెక్క

కూరగాయల వ్యాపారి చిన్న కోల్డ్ రూమ్ కట్టించుకున్నాక కరెంటు కోతల గురించి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: నాలుగు గంటలు కరెంటు పోతే ఎంత బ్యాటరీ కావాలి, లేదా ఎంత జనరేటర్ కావాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు తిరిగి అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ నాలుగు గంటలు ఎప్పుడు? అర్ధరాత్రి తర్వాత పోయిన నాలుగు గంటలకూ, కొత్త సరుకు లోపల పెట్టిన గంటకే పోయిన నాలుగు గంటలకూ మధ్య తేడా దాదాపు నాలుగింతలు ఉంటుంది. కారణం కంప్రెసర్ నడిచే తీరులో ఉంది.

కంప్రెసర్ రోజంతా ఆగకుండా నడవదు. గది చల్లబడగానే థర్మోస్టాట్ దాన్ని ఆపుతుంది, వేడెక్కగానే మళ్లీ నడిపిస్తుంది. మొత్తం సమయంలో అది నడిచిన భాగాన్ని డ్యూటీ సైకిల్ అంటారు. గంటలో 15 నిమిషాలు నడిస్తే 25 శాతం, ఆగకుండా నడిస్తే 100 శాతం. కోల్డ్ రూమ్ అమ్మేవాళ్లు సాధారణంగా "రోజుకు 16 గంటలు నడుస్తుంది" అని చెబుతారు. అది రోజు మొత్తానికి తీసిన సగటు. సగటుగా అది తప్పు కాకపోవచ్చు. బ్యాకప్ లెక్కకు మాత్రం ఆ సగటు పనికిరాదు. ఎందుకో ఒక గదిని తీసుకుని చూడాలి.

గదిలోకి వచ్చే వేడి

గది 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు అనుకుందాం. గోడలు, పైకప్పు, నేల అన్నీ వేడిని అడ్డుకునే నురుగు నింపిన 100 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లే. లోపల క్యాబేజీ, క్యారెట్, కాలీఫ్లవర్ వంటి, చలికి దెబ్బతినని సరుకు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. (టమాటా, దోస, వంకాయల వంటివి ఈ గదిలో పెట్టకూడదు. అంత చల్లదనానికి వాటి చర్మం మీద గుంటలు పడతాయి, బయటికి తీశాక త్వరగా కుళ్లుతాయి.) ఎప్పుడూ 3 టన్నుల సరుకు నిల్వ ఉంటుంది. అందులో రోజూ ఉదయం 7 గంటలకు 1 టన్ను కొత్తగా వస్తుంది, అంతే బరువు బయటికి పోతుంది. పగలు బయట 38 డిగ్రీలు, రాత్రి 30 డిగ్రీలు.

ఇక వేడిని కరెంటు లెక్కలోనే, అంటే యూనిట్లలోనే చూద్దాం. ప్యానెళ్ల గుండా లోపలికి చొరబడేది పగలు గంటకు అర యూనిట్, రాత్రి అంతకంటే కొంచెం తక్కువ. రోజుకు సుమారు 11 యూనిట్లు. తలుపు తెరిచినప్పుడల్లా వచ్చే వేడిగాలి మరో 6 యూనిట్లు తెస్తుంది. లోపలి ఫ్యాన్లు, దీపం, సరుకు దించే మనుషులు కలిపి 4 యూనిట్లు. కూరగాయలు కోశాక కూడా శ్వాసిస్తూనే ఉంటాయి. ఆ శ్వాస వల్ల పుట్టే వేడి సుమారు 5 యూనిట్లు. ఇప్పటికి 26 అయింది.

అసలు భారం వేరే ఉంది. 32 డిగ్రీల వేడితో లోపలికి వచ్చిన 1 టన్ను సరుకును 4 డిగ్రీలకు దించాలి. కూరగాయల్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి వాటిలోని వేడి కూడా నీటి వేడి లాంటిదే. కిలో సరుకు ఒక డిగ్రీ చల్లబడాలంటే సుమారు 3.9 కిలోజౌళ్ల వేడి తీసేయాలి. టన్నుకు 28 డిగ్రీల మేర ఈ లెక్క కడితే 30 యూనిట్లు వస్తుంది. అంటే రోజంతా గోడలు, తలుపు, ఫ్యాన్లు, శ్వాస అన్నీ కలిసి తెచ్చే వేడి కంటే ఒక్క ఉదయం లారీ దించిన సరుకు తెచ్చే వేడే ఎక్కువ. మొత్తం 56 యూనిట్లు.

ఒక టన్ను సామర్థ్యం గల యంత్రం గంటకు 3.5 యూనిట్ల వేడిని తోడేస్తుంది. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, చల్లబరిచే శక్తికి కొలత. 56ను 3.5తో భాగిస్తే 16 గంటలు. అమ్మినవాళ్లు చెప్పిన మాట నిజమే. 24 గంటల్లో 16 అంటే డ్యూటీ సైకిల్ 67 శాతం.

కానీ ఆ 16 గంటలు రోజంతా సమానంగా పరుచుకుని ఉండవు. ఉదయం 7 గంటలకు సరుకు లోపలికి రాగానే కంప్రెసర్ మొదలై ఇక ఆగదు. పగటి వేళ గోడలు, తలుపు, ఫ్యాన్లు, వెచ్చటి సరుకు శ్వాస కలిసి గంటకు 1.3 యూనిట్ల వేడి తెస్తాయి. యంత్రం తోడే 3.5లో అది పోగా సరుకును చల్లబరచడానికి మిగిలేది 2.2. ఆ లెక్కన 30 యూనిట్లు తోడడానికి సుమారు 14 గంటలు పడుతుంది. అంటే రాత్రి 9 గంటల దాకా డ్యూటీ సైకిల్ 100 శాతం. అప్పటికి సరుకు చల్లబడుతుంది, తలుపు మూసేస్తారు, బయట ఎండ ఉండదు. మిగిలిన వేడి గంటకు 0.7 యూనిట్ మాత్రమే. 3.5 తోడగల యంత్రానికి అది 20 శాతం పని, అంటే గంటకు 12 నిమిషాలు. 67 శాతం నడిచే గంట ఈ గదిలో దాదాపు ఉండదు. ఉంటే 100, లేకపోతే 20.

ఒకే బ్యాటరీ, రెండు కోతలు

యంత్రం నడిచేటప్పుడు కంప్రెసర్, బయటి ఫ్యాను కలిసి గంటకు 1.5 యూనిట్ల కరెంటు తీసుకుంటాయి, లోపలి ఫ్యాన్లు 0.15. నాలుగు గంటల కోతకు సగటు డ్యూటీ సైకిల్‌తో లెక్క కడితే 4.6 యూనిట్లు వస్తుంది. ఇన్వర్టర్‌లో కొంత వృథా అవుతుంది, సీసపు బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే ఆయుష్షు తరిగిపోతుంది. ఆ రెండూ కలిపితే సుమారు 11 యూనిట్ల బ్యాటరీ కొనాలి.

రాత్రి 1 గంటకు కరెంటు పోతే నిజంగా కావలసింది 1.8 యూనిట్లే. 48 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ సరిపోతుంది. కొన్నదానిలో సగం కంటే ఎక్కువ ఊరికే పడి ఉంటుంది. ఉదయం 8 గంటలకు పోతే కంప్రెసర్ నాలుగు గంటలూ ఆగకుండా నడవాలి. 6.6 యూనిట్లు కావాలి. కొన్న బ్యాటరీ మూడో గంట ముగిసేలోపే చేతులెత్తేస్తుంది, లేదా మొండిగా నడిపిస్తే ఏడాది తిరగకుండా పాడవుతుంది. సగటును నమ్మి కొన్న బ్యాటరీ రాత్రికి మరీ ఎక్కువ, పగటికి మరీ తక్కువ.

రాత్రి కోతకు అసలు బ్యాటరీ ఎందుకు అని కూడా అడగవచ్చు. 3 టన్నుల చల్లటి సరుకు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 3.25 యూనిట్ల వేడి లోపలికి రావాలి. తలుపు మూసి, ఫ్యాన్లు ఆగి ఉంటే రాత్రి గంటకు వచ్చేది అర యూనిట్. నాలుగు గంటలకు 2 యూనిట్లు, అంటే సరుకు పెరిగేది 0.6 డిగ్రీ. ఆ గదిలో అన్నిటికంటే పెద్ద బ్యాటరీ ఆ 3 టన్నుల కూరగాయలే. అందుకే గది ఖాళీగా ఉన్నప్పుడు కోత పడితే భయపడాలి గాని నిండుగా, చల్లగా ఉన్నప్పుడు కాదు.

ఈ మాట నమ్మడం వ్యాపారికి కష్టం. తలుపు పక్కన ఎర్రగా వెలిగే అంకె వేరే కథ చెబుతుంది. కరెంటు పోయిన గంటన్నరకే అది 4 నుంచి 9కి చేరుతుంది. కానీ అది గాలి వేడి. గదిలో ఉన్న గాలి బరువు 36 కిలోలు. దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి యూనిట్‌లో నూరో వంతు చాలు. పైగా ఆ వేడి కొలిచే సెన్సార్ సాధారణంగా గదిని చల్లబరిచే కాయిల్‌లోకి గాలి వెళ్లే చోట, కప్పు దగ్గరగా ఉంటుంది. ఫ్యాన్లు ఆగగానే వేడిగాలి పైకి చేరి నేరుగా దానికే తగులుతుంది. ఆ అంకె చూసి కంగారుపడి, లోపల సరుకు ఎలా ఉందోనని తలుపు తెరిస్తే అప్పుడు నిజమైన నష్టం మొదలవుతుంది. సూదిలాంటి మొన ఉన్న థర్మామీటర్‌ను మధ్య వరుస క్రేటులోని క్యాబేజీ నడుమ గుచ్చి ఉంచి, దాని తీగను తలుపు రబ్బరు పట్టీ కింద నుంచి బయటికి లాగితే తలుపు తెరవకుండానే అసలు సంగతి తెలుస్తుంది. కోత మొదలైన నాలుగు గంటలకు కూడా అందులో అంకె 4.5 చుట్టూనే ఉంటుంది.

ఉదయం కోత అలా కాదు. 7 గంటలకు పెట్టిన టన్ను సరుకు 8 గంటలకు 2 డిగ్రీలు మాత్రమే చల్లబడి 30 దగ్గర ఉంటుంది. అప్పుడు ఫ్యాన్లు ఆగితే, కుప్పగా పేర్చిన క్రేట్ల నడుమ గాలి కదలదు. వేడిగా ఉన్న కూరగాయ శ్వాస చల్లటిదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 10 డిగ్రీలు పెరిగితే శ్వాస రెండు మూడింతలవుతుంది. ఆ టన్ను తన వేడిని తానే పుట్టించుకుంటూ 30 దగ్గరే నిలిచిపోతుంది. పక్కనున్న 2 టన్నుల పాత సరుకు మాత్రం తన చల్లదనాన్ని అరువిచ్చి రెండు మూడు డిగ్రీలు పైకి వస్తుంది. కరెంటు వచ్చాక చల్లబడే పని రాత్రి 9కి కాదు, 1 గంట దాటాకే ముగుస్తుంది.

దీన్ని బ్యాటరీతో గెలవాలంటే 15 యూనిట్ల పైచిలుకు కావాలి. దానికంటే సరుకు దించే వేళ మార్చడం తేలిక. కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలిసిన చోట, ఆ గంటలకు ముందే సరుకు పెట్టాలి. తెల్లవారుజామున కోసి, ఎండ తగలకుండా తెచ్చిన సరుకు 32కు బదులు 24 డిగ్రీల దగ్గర లోపలికి వస్తే టన్నుకు దాదాపు 8.7 యూనిట్ల వేడి బయటే ఉండిపోతుంది. కంప్రెసర్‌కు అది రెండున్నర గంటల పని. అంత మేలు చేసే బ్యాటరీ చిన్న వ్యాపారి స్థాయిలో దొరకడం కష్టం.

జనరేటర్ ఎప్పుడు వేయాలి

జనరేటర్ ఉన్నవాళ్లు సాధారణంగా చేసేది కరెంటు పోగానే దాన్ని వేసి, వచ్చాక ఆపడం. రాత్రి నాలుగు గంటల కోతలో ఇలా చేస్తే కంప్రెసర్ మొత్తం నడిచేది ముప్పావు గంట. మిగిలిన మూడుంబావు గంటలూ జనరేటర్ చిన్న ఫ్యాన్ల కోసం డీజిల్ తాగుతుంది. భారం లేకుండా తిరిగినా డీజిల్ ఇంజను నిండు భారంలో తాగేదానిలో చెప్పుకోదగ్గ వంతు తాగుతుంది. అంతేకాక తక్కువ భారం మీద గంటల తరబడి తిరిగితే ఇంధనం పూర్తిగా కాలక, పొగగొట్టంలో నల్లటి జిడ్డు పేరుకుంటుంది. గొట్టం చివర తడి మసి కనబడితే అదే గుర్తు.

దీనికి బదులు కోత మొదలైన మూడు గంటల దాకా ఊరికే ఉండి, నాలుగో గంటలో జనరేటర్ వేస్తే పోగైన 2 యూనిట్ల చిల్లర వేడిని కంప్రెసర్ ఒక్క విడతగా ముప్పావు గంటలో తోడేస్తుంది. జనరేటర్ తిరిగినంత సేపూ మంచి భారం మీద తిరుగుతుంది. సరుకుకు తేడా అర డిగ్రీ. పగలు వెచ్చటి సరుకు ఉన్నప్పుడు మాత్రం ఈ ఓర్పు పనికిరాదు. అప్పుడు వెంటనే వేయాలి, ఆగకుండా నడపాలి. అప్పుడు ఎలాగూ కంప్రెసర్ 100 శాతం నడుస్తుంది కాబట్టి డీజిల్ వృథా కాదు.

జనరేటర్ పరిమాణాన్ని నిర్ణయించేది నడిచే కరెంటు కాదు, మొదలయ్యే క్షణం. నడిచేటప్పుడు 8 ఆంపియర్లు తీసుకునే కంప్రెసర్ మొదలయ్యే అర సెకనులో 40కి పైగా లాగుతుంది. 2 కేవీఏ ఇన్వర్టర్ 1.5 కిలోవాట్ల యంత్రానికి కాగితం మీద చాలినట్టే ఉంటుంది, కానీ మీట వేయగానే ఆగిపోతుంది. మామూలు కంప్రెసర్‌కు 5 నుంచి 7.5 కేవీఏ జనరేటర్ కావాలి. మెల్లగా మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టర్ పెడితే ఆ తొలి లాగుడు సగానికి తగ్గుతుంది, చిన్న జనరేటర్‌తో పని జరుగుతుంది. వేగం మార్చుకునే ఇన్వర్టర్ రకం కంప్రెసర్లకు ఈ బాధే లేదు.

కరెంటు పోయి వెంటనే వచ్చే సందర్భం మరొక ప్రమాదం. ఆగిన కంప్రెసర్‌కు ఒకవైపు గ్యాస్ ఒత్తిడి ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉంటుంది. అవి కొంత సర్దుకునేలోపు మళ్లీ మొదలైతే మోటారు తిరగలేక మూలుగుతుంది, కొన్ని సెకన్లకు దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ టిక్కుమని తెగుతుంది. అదే వేళ వీధిలోని మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి కాబట్టి వోల్టేజీ కూడా పడిపోయి ఉంటుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆపి మొదలుపెట్టే టైమర్, వోల్టేజీ తక్కువైతే కలపని రిలే ఈ రెండూ మొత్తం ఏర్పాటులో చవకైన వస్తువులు. చాలా చోట్ల ఇవే ఉండవు.

చౌక ఉపాయాలు, వాటి హద్దులు

బ్యాటరీ మీద కంప్రెసర్ కాక లోపలి ఫ్యాన్లు మాత్రమే నడపడం ఒక మధ్యేమార్గం. నాలుగు గంటలకు 0.6 యూనిట్ చాలు, ఇంట్లో వాడే ఇన్వర్టర్ ఆ పని చేస్తుంది. పగలు వెచ్చటి సరుకు ఉన్నప్పుడు ఇది నిజంగా పనికొస్తుంది, క్రేట్ల నడుమ చిక్కుకున్న వేడిని గదంతా పంచుతుంది. రాత్రి పూట మాత్రం అనవసరం. ఫ్యాను తిరిగితే దాని కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది, ఆకుకూరలు ఆరిపోతాయి.

మరొకటి మంచు. కిలో మంచు కరిగితే 0.093 యూనిట్ వేడి పీల్చుకుంటుంది, కాబట్టి రాత్రి నాలుగు గంటల కోతను 22 కిలోల మంచు మోయగలదు. ఈ లెక్క విని కొందరు నీళ్ల సీసాలు గదిలోనే వరుసగా పెడతారు. 4 డిగ్రీల గదిలో నీళ్లు ఎన్నటికీ గడ్డకట్టవు. గడ్డకట్టని నీరు దాచుకునే చల్లదనం అంతే బరువు క్యాబేజీ దాచుకునేదానికి పెద్దగా మించదు. సీసాలు ఆక్రమించిన చోటులో అమ్ముకునే సరుకే పెట్టుకోవచ్చు. మంచు వేరే ఫ్రీజర్‌లో కట్టించి కోత వేళకు లోపలికి తేవాలి.

రోజుకు ఎన్ని గంటల కరెంటు

ఒక్కో కోత కంటే పెద్ద ప్రశ్న రోజు మొత్తానికి కరెంటు ఎన్ని గంటలు ఉంటుందనేది. యంత్రానికి 16 గంటలు కావాలి. కాయిల్ మీద పేరుకున్న మంచు కరగడానికి రోజుకు గంటన్నర వదలాలి. పగలంతా ఆగకుండా నడిచే యంత్రానికి తనంతట మంచు కరిగే విరామం దొరకదు, టైమర్‌తో ఆపవలసిందే. మొత్తం 17.5 గంటలు. రోజుకు 18 గంటలు కరెంటు ఉంటే ఏ బ్యాకప్ లేకపోయినా ఈ గది నెగ్గుకొస్తుంది. 14 గంటలే ఉంటే యంత్రం 12.5 గంటల్లో 44 యూనిట్లు మాత్రమే తోడుతుంది. రోజుకు 12 యూనిట్లు లోపల మిగిలిపోతాయి, తొలి రోజే సరుకు సగటున మూడున్నర డిగ్రీలు పైన ఉంటుంది. ఇలాంటి చోట గంటకు 4.5 యూనిట్ల వేడి తోడే యంత్రం తీసుకోవడం బ్యాటరీ కంటే మంచి బ్యాకప్. అది దొరికిన గంటల్లోనే పని ముగిస్తుంది.

అంతకు మించి పెద్దది తీసుకుంటే మరో చిక్కు. రాత్రి వేళ చిన్న భారానికి అది రెండు నిమిషాలు నడిచి ఆగి మళ్లీ లేస్తూ ఉంటుంది. నూనె తిరిగి కంప్రెసర్‌లోకి చేరదు, మొదలైన ప్రతిసారీ పుట్టే వేడి మోటారు నుంచి పోదు. గంటకు ఆరు సార్ల కంటే ఎక్కువ మొదలవుతుంటే థర్మోస్టాట్ కలిపే, తెంచే అంకెల మధ్య ఎడం 2 డిగ్రీలకు పెంచి చూడాలి.

ఇవన్నీ లెక్కలు. సొంత గదిలో అసలు సంగతి తెలియాలంటే కంప్రెసర్‌కు కరెంటు కలిపే కాంటాక్టర్ దగ్గర గంటల మీటరు ఒకటి బిగించాలి. కంప్రెసర్ నడిచినంత సేపే దాని అంకె కదులుతుంది. రాత్రి 10కి, ఉదయం 6కి చూసి రాసుకుంటే ఆ ఎనిమిది గంటల్లో ఎంత నడిచిందో తేలుతుంది. పై గదికి అది గంటా ముప్పై ఆరు నిమిషాల చుట్టూ ఉండాలి. బయట ఎండ మారలేదు, సరుకు మారలేదు, అయినా రెండు వారాల్లో ఆ అంకె మూడు గంటలకు చేరిందంటే గదిలోకి వేడి ఎక్కువగా వస్తోంది, లేదా యంత్రం తక్కువగా తోడుతోంది. తలుపు రబ్బరు పట్టీలో కాగితం పెట్టి మూసి లాగితే, సులువుగా జారి వచ్చే చోట గాలి చొరబడుతున్నట్టు. పట్టీ బిగువుగా ఉంటే బయటి కాయిల్ రెక్కల్లో దుమ్ము చూడాలి. అదీ శుభ్రంగా ఉండి, లోపలి కాయిల్‌లో గ్యాస్ వచ్చే వైపు కొంత మేరే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ కారిపోతున్నట్టే.